నైట్ షిఫ్ట్ టైమ్‌షీట్‌లో ముందు చూడాల్సింది వారం మొత్తం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, షీట్ కట్టే సూపర్‌వైజర్లు ఇది ఒకసారి చూసుకోండి.

రాత్రి 10కి ఎక్కి పొద్దున్న 6:30కి దిగితే, దిగిన టైములోంచి ఎక్కిన టైము నేరుగా తీసేస్తే లెక్క మైనస్‌లోకి పోతుంది. ఎక్సెల్ షీట్‌లో B2లో ఎక్కిన టైము, C2లో దిగిన టైము, D2లో విరామం 0:30 ఉంటే ఇలా రాయండి:

```
=MOD(C2-B2,1)-D2
```

8:00 వస్తుంది. అర్ధరాత్రి దాటిన గంటలు కూడా షిఫ్ట్ మొదలైన రోజు వరుసలోనే ఉండాలి.

అసలు తిరకాసు మొత్తం దగ్గర. ఐదు రాత్రులు 8 గంటల చొప్పున, ఆరో రాత్రి సరుకు ఎక్కువొచ్చి 11 గంటలు చేశారనుకుందాం. మొత్తం 51 గంటలు. మామూలు టైమ్ ఫార్మాట్‌లో షీట్ మాత్రం 3:00 అని చూపిస్తుంది, ఎందుకంటే ప్రతి 24 గంటలకూ మళ్లీ సున్నా నుంచి మొదలెడుతుంది. ఆ గడి ఫార్మాట్ `[h]:mm` చేస్తే 51:00 కనబడుతుంది.

ఇక డబ్బులు. వారానికి 48 గంటలు దాటితే ఓటీ రెట్టింపు రేటు. గంటకు 70 రూపాయలైతే 48 గంటలకు 3,360, మిగతా 3 గంటలకు 140 చొప్పున 420, వెరసి 3,780. స్లిప్‌లో 3,570 ఉందంటే ఓటీని మామూలు రేటుకే కట్టేశారు. అప్పుడు 210 రూపాయల తేడా కాగితం మీద రాసి, పంచింగ్ టైములతో సహా అడగండి.