పత్తి డబ్బు జూన్ దాకా ఫండ్‌లో పెట్టే ముందు

రాయగడ, గుణుపురం వైపు పత్తి అమ్మిన డబ్బు చేతికొస్తోంది. జూన్‌లో విత్తనాలకు మళ్లీ కావాలి. ఈలోగా మ్యూచువల్ ఫండ్‌లో 2 లక్షలు పెడుతున్నారనుకుందాం.

క్రెడిట్ రిస్క్ ఫండ్ జోలికి వద్దు. అప్పు తీర్చే సత్తాకిచ్చే రేటింగ్‌లో అన్నిటికంటే పైది AAA. అందులో మాత్రం కనీసం 65 శాతం AA, అంతకంటే తక్కువ రేటింగ్ కంపెనీ బాండ్లే. ఏడాదికి ఒకటిన్నర శాతం ఎక్కువొచ్చినా నాలుగు నెలలకు మిగిలేది వెయ్యి. ఫండ్‌లో 5 శాతం ఉన్న ఒక్క కంపెనీ పూర్తిగా ఎగ్గొడితే మాత్రం 10 వేలు ఒక్కరోజులో పోతాయి. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ కంపెనీ ఆరు డెట్ స్కీములు మూసేసినప్పుడు డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోయింది కూడా.

షార్ట్ డ్యూరేషన్ అన్న పేరు చూసి మోసపోకండి, అది నెలల లెక్క కాదు, అందులోని అప్పుల సగటు కాలం 1 నుంచి 3 ఏళ్లు. ఫండ్ వివరాలిచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో Modified Duration, అంటే వడ్డీ 1 శాతం మారితే ఫండ్ విలువ ఎంత శాతం మారుతుందో చెప్పే అంకె, 2.5 అని ఉంటే, మార్కెట్‌లో వడ్డీ 1 శాతం పెరిగిన రోజున మీ 2 లక్షల్లో దాదాపు 5 వేలు తగ్గుతాయి. మూడేళ్లు ఆగగలిగితే అది పూడుతుంది, జూన్ మాత్రం ఆగదు.

లిక్విడ్ ఫండ్‌లో అప్పులన్నీ 91 రోజుల్లోపు తీరేవే, అందుకే కుదుపు తక్కువ. అయినా రేటింగ్ పట్టీ చూడండి, ఎక్కువ భాగం తక్కువ కాలపు అప్పులకిచ్చే అన్నిటికంటే పై రేటింగ్ A1+ ఉన్నవి, ప్రభుత్వ ట్రెజరీ బిల్లులు ఉండాలి.

వారంలోపే తీస్తే ముందుగా తీసినందుకు కోసే ఎగ్జిట్ లోడ్ కాస్త పడుతుంది.