అంకణా కలిసిందని ముగింపు లెక్కలకు దిగే ముందు జాగ్రత్తలు

☐ ఆవర్జాలోని డెబిట్, క్రెడిట్ నిల్వల మొత్తాలు సమానమో కాదో మాత్రమే అంకణా చెబుతుంది. పద్దు సరైన ఖాతాకు వెళ్లిందో లేదో చెప్పదు.

☐ తేడా వస్తే వెంటనే అనామతు ఖాతాలో పడేయకండి. డెబిట్ వైపు రూ. 1,800 తక్కువ వచ్చిందనుకుందాం. ముందు రెండు వైపులా కూడిక మళ్లీ చేయండి. తర్వాత అదే మొత్తం ఉన్న డెబిట్ నిల్వ ఏదైనా రాయడం మరిచారేమో వెతకండి. దొరక్కపోతే అందులో సగం, అంటే 900 కోసం చూడండి: ఇచ్చిన డిస్కౌంటు రూ. 900 క్రెడిట్ వరుసలో పడితే తేడా సరిగ్గా రెట్టింపవుతుంది. 1,800ను 9 భాగిస్తుంది కాబట్టి అంకెలు తారుమారై ఉండొచ్చు కూడా. కూలీలు 6,420కి బదులు 4,620 అని ఎక్కితే ఇదే తేడా వస్తుంది.

☐ తేడా లేకపోతేనే ఎక్కువ జాగ్రత్త కావాలి. షాపుకు కొన్న రూ. 18,000 ఫర్నిచర్‌ను కొనుగోళ్ల ఖాతాలో రాసినా అంకణా చక్కగా కలుస్తుంది, కానీ స్థూల లాభం 18,000 తగ్గిపోతుంది. అందుకే కొనుగోళ్ల చిట్టాలోని పెద్ద బిల్లులను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి.

☐ అసలు రాయని బిల్లు రెండు వైపులా ఉండదు. బిల్లు పుస్తకం వరుస నంబర్లతో సరిచూడండి.

☐ ఒక ఖాతాదారు జమ మరొకరి పేరున పడితే, వారికి నిల్వల పత్రం పంపినప్పుడే బయటపడుతుంది.