కంపోస్టు తొట్టి కంపు కొడుతుంటే: అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, ఆసుపత్రుల కోసం

సమస్య: ‘మాది 100 కిలోలు దాటదు’ అంటున్నా నోటీసు వచ్చింది

2016 నిబంధనల కాలంలో అందరూ రోజుకు 100 కిలోల చెత్త అనే లెక్కనే పట్టుకునేవాళ్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లో మూడు కొలతలున్నాయి: 20,000 చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం, రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకం, 100 కిలోల చెత్త. ఏ ఒక్కటి అందుకున్నా బల్క్ జనరేటర్ కిందే లెక్క, అంటే తడి చెత్తను వీలైనంతవరకు తన ఆవరణలోనే ఎరువు చేసుకోవాల్సిన పెద్ద భవనం. చాలామంది దొరికిపోయేది నీళ్ల దగ్గర. మనిషికి 135 లీటర్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 75 ఫ్లాట్లకే 40,000 దాటుతుంది.

వాదించే ముందు ఒక వారం తూకం వేయండి. మా 180 ఫ్లాట్లలో వేస్తే తడి చెత్త రోజుకు సగటున 115 కిలోలు తేలింది. ఆదివారం ఇంకా ఎక్కువ. ఆ తూకాల పుస్తకమే తర్వాత తనిఖీలో మాకు పనికొచ్చింది.

సమస్య: తొట్టి దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన

మాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. కింది అంతస్తు వాళ్లు కిటికీలు తెరవడం మానేశారు. తొట్టెలు అమ్మినతను ద్రావణం చల్లమన్నాడు. రెండు డబ్బాలు పోసినా ఫలితం లేదు. ఉన్న తడికి ఇంకాస్త తడి తోడైంది, అంతే.

కారణం గాలి అందకపోవడం. గాలి అందకపోవడానికి కారణం నీళ్లు. చేతికి గ్లవుజు వేసుకుని తొట్టి మధ్యలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు. మాకైతే ధారగా కారింది. పని చేసే కుర్రాడిని అడిగితే, ‘ఎండుటాకులు అయిపోయి పది రోజులైంది సార్, చెత్త మాత్రం రోజూ వస్తుంది కదా’ అన్నాడు.

మొత్తం బయటికి తీసి, పరదా మీద పరిచి, రంపపు పొట్టు కలిపి మళ్లీ వేశాం. అప్పటినుంచి మూడు బకెట్ల తడి చెత్తకు ఒక బకెట్ పొట్టో ఎండుటాకులో కొలిచి వేస్తున్నాం. నాలుగు రోజులకోసారి తిరగేస్తున్నాం. వానాకాలానికి సరిపడా ఆకులు వేసవిలోనే గోతాల్లో నింపుకోవాలి. తొట్టెలు కొనేటప్పుడు ఈ గోతాలకు చోటు ఎక్కడో ఎవరూ చెప్పరు.

వారంలో వాసన తగ్గింది. మధ్యలో థర్మామీటరు గుచ్చితే 58 డిగ్రీలు చూపించింది. 55 నుంచి 65 మధ్య ఉంటే పని జరుగుతున్నట్టే. ముక్కు మండించే అమ్మోనియా ఘాటు వస్తే మాత్రం అది వేరే తేడా. నత్రజని ఎక్కువై ఎండు పదార్థం చాలలేదన్నమాట. మందు మళ్లీ ఎండుటాకులే, కానీ మొత్తం బయటికి తీసి ఆరబెట్టనక్కర్లేదు.

హోటళ్లలో అసలు చిక్కు సాంబారు, గ్రేవీ. ముందు జల్లెడ బుట్టలో వడకట్టండి. ఆ నీళ్లు గ్రీజు ట్రాప్ మీదుగానే పోవాలి. అరటాకులను అలాగే వేస్తే ఒకదానికొకటి అతుక్కుని చాపలా గాలిని ఆపేస్తాయి, నరికి వేయండి. కొబ్బరి బోండాలు, మామిడి టెంకలు తొట్టిలో పడితే నెలలు గడిచినా అలాగే ఉంటాయి. వాటికి విడిగా ఏర్పాటు చూసుకోవాలి.

సమస్య: 24 గంటల మెషీన్ ఎరువు వేస్తే మొక్కలు మాడిపోతున్నాయి

చాలా మెషీన్లు వేడిచేసి చెత్తను ఎండబెడతాయి, పొడి చేస్తాయి. కుళ్లడం పూర్తి కాదు. గుప్పెడు పొడిలో నీళ్లు కలిపి, మూతపెట్టి రెండు రోజులు ఉంచండి. వాసన వస్తే అది ఇంకా ఎరువు కానట్టే. దాన్ని తడిపి కుప్పపోసి మూడు నాలుగు వారాలు మాగనిచ్చి, తర్వాత అందులో మెంతులు చల్లి చూడండి. బాగా మొలిస్తేనే కుండీల్లోకి. మెషీన్ కొన్నా ఆ కుప్పకు చోటు తప్పదు.

సమస్య: ఆసుపత్రి తొట్టిలో దూది, సిరంజి మూత కనిపించాయి

ఆ రోజు లోడు మొత్తం ఆపేయండి. చేత్తో ఏరించకండి. బయోమెడికల్ వ్యర్థాల బాధ్యుడికి చెప్పి, కలిసినదంతా సంబంధిత సంచిలో ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలి. వార్డు చెత్తబుట్టలో అన్నం మెతుకులూ డ్రెస్సింగూ కలవడమే మూలకారణం. అందుకే వంటగది, క్యాంటీన్ చెత్తను మాత్రమే తొట్టికి తీసుకోండి. వార్డు ప్లేట్ల జోలికి పోవద్దు.

సమస్య: తొట్టెలు నిండిపోయాయి, ఎరువు కాలేదు

మొదట్లో మేం 20 రోజులకే ఖాళీ చేసేవాళ్లం. 45 రోజులు పట్టే పని అది. రెండు తొట్టెలు అదనంగా కట్టి, ప్రతిదాని మీదా నింపడం ఆపిన తేదీ సుద్దముక్కతో రాయిస్తున్నాం. నిజంగా చోటే లేని భవనాలకు, సొంతంగా ఎరువు చేయడానికి బదులు, కొత్త నిబంధనల్లో స్థానిక సంస్థ నుంచి సర్టిఫికెట్ తీసుకునే దారి ఉంది. అయినా తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అంటూ నాలుగుగా విడదీయడం మాత్రం తప్పదు. డైపర్ ఒక్కటి తడి చెత్తలో పడినా ఆ బకెట్‌ను తొట్టి దగ్గరికి రానివ్వొద్దని మా కుర్రాడికి గట్టిగా చెప్పాం.