రొట్టెపై బూజు ప్రయోగం: అనుకున్న ఫలితం రాకపోతే

సైన్స్ ఫెయిర్‌లో ఆహార నిల్వ గురించి చూపాలనుకునే విద్యార్థులు ఎక్కువగా బ్రెడ్ ముక్కలకు ఉప్పునీరు, వెనిగర్, మామూలు నీరు పట్టించి, వేర్వేరు జిప్ కవర్లలో ఉంచి, దేని మీద బూజు ముందు వస్తుందో గమనిస్తారు. ఇందులో తరచుగా ఎదురయ్యే చిక్కులు మూడు.

సమస్య: వారం దాటినా ఏ ముక్కకూ బూజు రాలేదు.

చాలావరకు కారణం బ్రెడ్ ప్యాకెట్టు మీదే ఉంటుంది. పదార్థాల జాబితాలో ప్రిజర్వేటివ్ 282 అని ఉంటే అది కాల్షియం ప్రొపియొనేట్, అంటే బూజును ఆపడానికే కలిపిన పదార్థం. మామూలు నీటి ముక్క కూడా చెడకపోతే ఉప్పును, వెనిగర్‌ను దేనితో పోల్చాలి? అందువల్ల ప్రిజర్వేటివ్ లేని బేకరీ బ్రెడ్డు గానీ, ఇంట్లో చేసిన చపాతీ గానీ తీసుకోవాలి. కవరు సరిగా మూయకపోయినా ముక్క ఎండి అట్టలా అవుతుంది, ఎండినదానిపై బూజు పెరగదు.

సమస్య: ఉప్పునీరు పోసిన ముక్కకూ బూజు పట్టింది.

ఉప్పు పనిచేయదని చార్టులో రాసే ముందు లెక్క చూడాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల ఉప్పు కలిపి, అందులో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు పోస్తే ముక్కకు అందేది పావు గ్రాము ఉప్పే. 30 గ్రాముల ముక్కలో ముందే సుమారు 11 గ్రాముల నీరు ఉంటుంది కాబట్టి, మొత్తం 16 గ్రాముల నీటికి అది ఒకటిన్నర శాతం మాత్రమే. అంత తక్కువ ఉప్పును బూజు సులభంగా తట్టుకుంటుంది. ఆవకాయలో ఉప్పు అంత దండిగా వేసేది రుచి కోసమే కాదు మరి. 100 మిల్లీలీటర్లకు 30 గ్రాములు కరిగించి, అదే టీస్పూను పోస్తే ముక్కలోని నీటిలో ఉప్పు సుమారు తొమ్మిది శాతం అవుతుంది, తేడా కనబడే అవకాశం పెరుగుతుంది. అప్పటికీ బూజు ఆలస్యంగా వస్తే, ఉప్పు దాన్ని నెమ్మదింపజేసిందని రాయడమే సరైనది.

సమస్య: వెనిగర్ ముక్క పక్కనున్నవి కూడా చెడలేదు.

ముక్కలను విడి కవర్లలో కాక ఒకే డబ్బాలో పెట్టి ఉంటే, వెనిగర్ ఆవిరి అన్నిటికీ చేరి ఉండవచ్చు. ఒక్కో ముక్కకు ఒక్కో కవరు వాడి, అన్నిటికీ సమానంగా ఒక టీస్పూను ద్రవమే పోయాలి. ఒకదానికి ద్రవం, మరోదానికి పొడి ఉప్పు వాడితే తేడా ఉప్పుదో తేమదో తేలదు.

ఒక్కో రకానికి మూడేసి ముక్కలు పెట్టి, కవరు పైన గళ్ల కాగితం గీతలు గీసిన పారదర్శక షీటు ఉంచి, బూజు పట్టిన గళ్లను రోజూ ఒకే సమయానికి లెక్కించాలి. కవరును ఎప్పుడూ తెరవకూడదు, వాసన చూడకూడదు. బూజు బీజాలు కొందరికి ఉబ్బసం, అలర్జీ తెప్పిస్తాయి. ప్రదర్శన ముగిశాక మూసిన కవర్లను అలాగే మరో సంచిలో కట్టి పెద్దల చేత చెత్తలో వేయించాలి.