ఎల్బీఓ మోడల్‌లో ఐఆర్ఆర్ తేడాగా వస్తోందా? తప్పు అంకెను బట్టి తప్పు ఎక్కడుందో పట్టడం

కంపెనీని కొనేటప్పుడు సొంత డబ్బు తక్కువ, అప్పు ఎక్కువ పెట్టడం, ఆ అప్పును కంపెనీ సంపాదనతోనే కొంత తీర్చడం, కొన్నేళ్లయ్యాక అమ్మేసి మిగిలింది జేబులో వేసుకోవడం. ఎల్బీఓ అంటే ఇంతే. ఫలితాన్ని రెండు అంకెల్లో చెబుతారు. పెట్టిన డబ్బు ఎన్ని రెట్లయిందన్నది మనీ మల్టిపుల్. అదే డబ్బు ఏడాదికి ఎంత చక్రవడ్డీతో పెరిగినట్టన్నది ఐఆర్ఆర్.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఫండ్లకు ఈ మోడల్స్ కట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కొత్తవాళ్ల ఫైళ్లు సరిచూసే పని నేనూ కొన్నేళ్లు చేశాను. అప్పుడు గమనించిందేమిటంటే, ఒక్కో తప్పు ఒక్కో రకం అంకెను వదిలిపోతుంది. ఫైల్ మొత్తం గాలించే ముందు చివరి అంకెను చూస్తే, ఏ వరుసలో వెతకాలో చాలాసార్లు తెలిసిపోతుంది. అది చూపించడానికి ముందు ఒక సరైన లెక్క కావాలి.

సరైన లెక్క

ఊహించుకున్న కంపెనీ ఇది. అంకెలన్నీ మిలియన్ డాలర్లలో. ఏడాది ఈబిట్డా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభం, 50. దానికి 8 రెట్లు ఇచ్చి, అంటే 400కి కొన్నాం. లాయర్లకు, బ్యాంకర్లకు ఫీజులు 10. మొత్తం ఖర్చు 410. అందులో అప్పు 250, మిగతా 160 ఫండ్ పెట్టిన ఈక్విటీ. వడ్డీ ఏటా 9%, ఏడాది మొదట్లో ఉన్న బాకీ మీద. పన్ను 25%. తరుగుదల ఏటా 10, యంత్రాల మీద పెట్టుబడి 12, వర్కింగ్ క్యాపిటల్‌లోకి పోయేది 2. ఈ చివరి రెండూ కలిపితే 14. మిగిలిన ప్రతి డాలరూ అప్పు తీర్చడానికే.

| ఏడాది | ఈబిట్డా | వడ్డీ | పన్ను | పెట్టుబడి, వర్కింగ్ క్యాపిటల్ | తీర్చిన అప్పు | మిగిలిన అప్పు |
|---|---|---|---|---|---|---|
| 1 | 53 | 22.5 | 5.1 | 14 | 11.4 | 238.6 |
| 2 | 56 | 21.5 | 6.1 | 14 | 14.4 | 224.2 |
| 3 | 59 | 20.2 | 7.2 | 14 | 17.6 | 206.6 |
| 4 | 62 | 18.6 | 8.4 | 14 | 21.1 | 185.6 |
| 5 | 65 | 16.7 | 9.6 | 14 | 24.7 | 160.8 |

ఐదో ఏడాది చివర మళ్లీ 8 రెట్లకే అమ్మితే వచ్చేది 520. అందులో బాకీ 160.8 పోగా ఫండ్‌కి మిగిలేది 359.2. దాన్ని 160తో భాగిస్తే 2.25 రెట్లు. ఐదేళ్లలో అంత పెరగాలంటే ఏడాదికి 17.6%. ఊరి లెక్కలో నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి కాస్త తక్కువ.

మధ్యలో డబ్బు రాకపోకలు లేకపోతే `IRR` ఫంక్షన్ కూడా అక్కర్లేదు. ఇది చాలు:

```
=(359.2/160)^(1/5)-1
```

ఐఆర్ఆర్ 124.5% చూపిస్తోంది

ఇంత పెద్ద అంకె చూడగానే లాభాల్లోనో అప్పులోనో తప్పు వెతకడం మొదలుపెడతారు. అక్కడ ఏ తప్పూ ఉండదు. 124.5%కి ఒకటి కలిపి చూడండి, 2.245 వస్తుంది. అంటే మన మనీ మల్టిపులే. ఐదేళ్ల పెరుగుదలను ఎక్సెల్ ఒక్క ఏడాదిలో జరిగినట్టు లెక్కేసింది.

కారణం మధ్య నాలుగేళ్ల గడులు. మొదటి గడిలో -160, చివరి గడిలో 359.2 వేసి, మధ్యలో ఏమీ రాదు కదా అని ఖాళీగా వదిలేశారు. `IRR` ఖాళీ గడిని సున్నాగా చూడదు, ఆ గడి లేనట్టే దాటేస్తుంది. దాని కంటికి రెండే అంకెలు కనబడతాయి, వాటి మధ్య దూరం ఒక్క ఏడాది. మధ్య గడుల్లో 0 అని టైప్ చేస్తే 17.6% వచ్చేస్తుంది. వేరే షీట్ నుంచి ఫార్ములాతో లాగేటప్పుడు "" వేసి ఖాళీగా కనిపించేలా చేసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అది టెక్స్ట్. ఈ రకం పట్టుకోవడం ఇంకాస్త కష్టం.

`#NUM!` వస్తే మాత్రం ముందు గుర్తులు చూడండి. పెట్టుబడికి మైనస్ పెట్టడం మర్చిపోయి ఉంటారు. తేదీలను బట్టి లెక్కేసే `XIRR` వాడినప్పుడు 2.98E-09 లాంటి వింత అంకె వస్తే, డబ్బు వరుసలో మొదటి గడి సున్నా అయి ఉంటుంది. వరుసను అసలు పెట్టుబడి పెట్టిన తేదీ నుంచి మొదలుపెట్టండి.

26.6%, లేదా 11.0%

ఈ రెండూ ఒకే చోట పుట్టే తప్పులు. అమ్మకం విలువ 520ని నేరుగా 160తో భాగిస్తే 3.25 రెట్లు, 26.6% వస్తాయి. కంపెనీ విలువ 520 అయినా, అందులో అప్పిచ్చినవాళ్ల వాటా ముందు తీరాలి. ఇల్లు అమ్మినప్పుడు బ్యాంకు లోన్ కట్టాకే మిగిలింది మన చేతికొచ్చినట్టు.

11.0% వస్తే బాకీ తీసేశారు గానీ తప్పు బాకీ తీసేశారు. కొన్నప్పటి 250నే తీసేస్తే 270 మిగులుతుంది, 1.69 రెట్లు. ఐదేళ్లు కట్టిన అప్పంతా గాల్లో కలిసిపోయింది. సాధారణంగా ఎగ్జిట్, అంటే అమ్మకం, గడిలోని ఫార్ములా టేబుల్ చివరి వరుసకు కాకుండా, మొదట అప్పు రాసుకున్న గడికి లింక్ అయి ఉంటుంది. ఎగ్జిట్ ఏడాదిని 5 నుంచి 4కి మార్చి చూడండి. తీసేసే బాకీ 185.6కి మారాలి. మారకపోతే లింక్ తప్పు.

అప్పు మరీ తొందరగా తీరిపోతోంది

ఇది నిజంగా ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే ఫలితం నమ్మేలాగే ఉంటుంది. ఐదేళ్ల చివర బాకీ 34.6 మాత్రమే, 3.03 రెట్లు, ఐఆర్ఆర్ 24.8%. ఇలాంటి అంకె చూసి ఎవరూ ఉలిక్కిపడరు. మంచి డీల్ అనుకుని ముందుకెళ్లిపోతారు.

జరిగిందేమిటంటే, ఈబిట్డాలోంచి వడ్డీ ఒక్కటే తీసేసి మిగిలిందంతా అప్పుకి కట్టేశారు. పన్ను, యంత్రాల ఖర్చు, సరుకులోనూ రావలసిన బిల్లుల్లోనూ ఇరుక్కునే డబ్బు, మూడూ వదిలేశారు. ఈబిట్డా చేతికొచ్చే నగదు కాదు.

గుర్తుపట్టడానికి మొదటి ఏడాది వరుస ఒక్కటి చాలు. సరైన లెక్కలో 53 ఈబిట్డా మీద అప్పుకి పోయింది 11.4, అంటే అయిదో వంతు కంటే కాస్త ఎక్కువ. తప్పు లెక్కలో 30.5 పోతోంది. మొదటి ఏడాదే ఈబిట్డాలో సగానికి పైగా అసలుకి జమ అవుతోందంటే, ఏదో ఖర్చు వరుస కిందకి రాలేదని అనుమానించండి. దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త: పన్ను వేసే ముందు తరుగుదల, వడ్డీ తీసేయాలి, కానీ నగదు లెక్కలో తరుగుదలను తీసేయకూడదు. అది కాగితం మీది ఖర్చే.

ఇక్కడే సర్క్యులర్ రిఫరెన్స్ గొడవ కూడా వస్తుంది. ఏడాది సగటు బాకీ మీద వడ్డీ వేస్తే, వడ్డీ తెలియాలంటే ఎంత తీర్చామో తెలియాలి, ఎంత తీర్చామో తెలియాలంటే వడ్డీ తెలియాలి. నా సలహా, ఏడాది మొదటి బాకీ మీదే వడ్డీ వేయండి. వడ్డీ కాస్త ఎక్కువ పడుతుంది, ఐఆర్ఆర్ కొద్దిగా తగ్గుతుంది, మోడల్ మాత్రం విరగదు.

తేడా చిన్నదే: 17.6కి బదులు 19.1, లేదా 16.6

19.1% అయితే ఫీజుల 10 ఈక్విటీలో కలపలేదు, 150 పెట్టుబడి మీద లెక్కేశారు. కొనుగోలు ధరలోంచి అప్పు తీసేసి ఈక్విటీ రాసుకునే అలవాటు వల్ల ఇది జరుగుతుంది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అనే రెండు వరుసలు పక్కపక్కన రాసి, రెండు వైపులా 410 వస్తోందో లేదో చూడాలి.

16.6% అయితే అది తప్పు కాకపోవచ్చు. డీల్ సెప్టెంబర్ 30న ముగిసి, అమ్మకం ఐదేళ్ల తర్వాతి డిసెంబర్ 31న జరిగిందనుకోండి. అదే 359.2 ఐదుంపావు ఏళ్లకు వచ్చింది. `IRR` గడులనే లెక్కపెడుతుంది, తేదీలు దానికి తెలియవు. తేదీలతో పని చేసే `XIRR` వాడండి. డబ్బు 12వ వరుసలో, తేదీలు 11వ వరుసలో ఉంటే ఇలా:

```
=XIRR(B12:G12, B11:G11)
```

ఐఆర్ఆర్ పెరిగింది, మల్టిపుల్ తగ్గింది

దీన్ని తప్పనుకుని ఫైల్ వెనక్కి పంపేవాళ్లను చూశాను. మూడో ఏడాది చివర కంపెనీ చేత ఇంకో 60 అప్పు చేయించి, దాన్ని ఫండ్ డివిడెండ్‌గా తీసుకుందనుకుందాం. వడ్డీ పెరుగుతుంది, అప్పు నెమ్మదిగా తీరుతుంది, ఐదో ఏడాది బాకీ 229.2 ఉంటుంది. అమ్మకంలో మిగిలేది 290.8. ముందు తీసుకున్న 60తో కలిపి 350.8, అంటే 2.19 రెట్లు. ఐఆర్ఆర్ మాత్రం 18.6%కి పెరిగింది. కొత్త అప్పుకి వడ్డీ కట్టినందుకు మొత్తం లాభం తగ్గింది, కానీ 60 రెండేళ్లు ముందే చేతికొచ్చింది. రెండు అంకెలూ నిజమే.

కాలం ఎటు లాగుతుందో హిల్టన్ హోటళ్ల డీల్‌లో చూడొచ్చు. అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ 2007లో దాదాపు 26 బిలియన్ డాలర్లకు కొన్నది. మరుసటి ఏడాదే ఆర్థిక సంక్షోభం, 2010లో అప్పును తిరిగి కుదుర్చుకోవడం, 2013లో షేర్లను మార్కెట్‌లో పెట్టడం, 2018లో చివరి షేర్ల అమ్మకం. లాభం దాదాపు 14 బిలియన్ డాలర్లు, పెట్టినదానికి మూడు రెట్లకు పైనే వచ్చింది. అదే మూడు రెట్లు ఐదేళ్లలో వస్తే 24.6%, పదేళ్లు పడితే 11.6%. అందుకే ఎవరైనా ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే రెండోది అడగండి.

అంకె ఎక్కడా తేడాగా లేదు, అయినా నమ్మకం కుదరడం లేదు

అప్పుడు లాభాన్ని ముక్కలు చేసి చూడాలి. మన కేసులో లాభం 359.2లోంచి 160 పోగా 199.2. ఈబిట్డా 15 పెరిగింది, దాన్ని 8తో గుణిస్తే 120. తీర్చిన అప్పు 89.2. ఫీజుల కింద పోయింది 10. 120కి 89.2 కలిపి 10 తీసేస్తే సరిగ్గా 199.2. ఈ కూడిక కుదరకపోతే మోడల్‌లో ఎక్కడో డబ్బు పుడుతోంది, లేదా కారిపోతోంది.

కూడిక కుదిరినా ముక్కల సైజు చూడాలి. ఎగ్జిట్‌లో 8కి బదులు 9 రెట్లు పెడితే ఐఆర్ఆర్ 21.5%కి ఎగురుతుంది. ముక్కల్లో కొత్తగా 65 కనబడుతుంది, కంపెనీలో ఎవరూ ఏ పనీ చేయకుండానే. కొనేవాడు మనకంటే ఎక్కువ రెట్లు ఎందుకిస్తాడో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే 8కే దించేయండి. పెట్టుబడికి సరేననే కమిటీకి పంపేముందు 7 పెట్టి కూడా ఒకసారి నడపండి: 13.0% వస్తుంది, 1.84 రెట్లు.