ఆఫీసు నెట్‌వర్కును విడదీయడం – నాలుగవ పాఠం: మాస్కు లెక్క

ఐపీ అడ్రసు అంటే 32 బిట్లని, వాటిని ఎనిమిదేసి చొప్పున నాలుగు అంకెలుగా రాస్తామని గత పాఠంలో చూశాం. ఆ 32 బిట్లలో మొదటి నుంచి ఎన్ని బిట్లు నెట్‌వర్కువో, మిగిలినవెన్ని పరికరానివో చెప్పేదే సబ్‌నెట్ మాస్కు. నెట్‌వర్కు బిట్లు 24 అయితే మాస్కును 255.255.255.0 అని రాయవచ్చు, లేదా అడ్రసు చివర /24 అని పెట్టవచ్చు. రెండింటి అర్థమూ ఒకటే. ఈ రెండో పద్ధతినే సీఐడీఆర్ అంటారు. 1993లో ఇది వచ్చాక, అంతకుముందున్న ఏ, బీ, సీ తరగతుల పట్టింపు పోయి, గీతను ఏ బిట్టు దగ్గరైనా గీసుకునే వీలు కలిగింది.

ఉదాహరణకు పలాసలోని ఒక జీడిపప్పు కర్మాగారాన్ని ఊహించుకుందాం. విశాఖపట్నంలోని దాని ప్రధాన కార్యాలయం ఈ యూనిట్‌కు 192.168.10.0/24 ఒక్కటే కేటాయించింది, 192.168.11 నుంచి మిగిలినవన్నీ వేరే శాఖలు వాడుకుంటున్నాయి. ఇలాంటి కట్టుబాటు లేకపోతే విభాగానికొక /24 ఇచ్చుకోవడమే తేలికని నా అభిప్రాయం. ఇక్కడ ఆ వీలు లేదు కనుక, ఉన్న 256 అడ్రసులలోనే నాలుగు విభాగాలను సర్దాలి: సీసీ కెమెరాలు 70, వాటి రికార్డర్ 1, ఆఫీసు కంప్యూటర్లు, ప్రింటర్లు కలిపి 40, అకౌంట్స్‌లో కంప్యూటర్లు 20, సర్వర్ 1, హాజరు యంత్రాలు, కాటాలు కలిపి 14.

ముందుగా ప్రతి విభాగానికీ ఎంత పరిమాణం కావాలో తేల్చాలి. ఒక విభాగంలోని మొత్తం అడ్రసులు ఎప్పుడూ 16, 32, 64, 128 ఇలా రెట్టింపు వరుసలోనే ఉంటాయి. అందులో మొదటిది ఆ నెట్‌వర్కు పేరుగా, చివరిది బ్రాడ్‌కాస్ట్‌గా పోతాయి కాబట్టి పరికరాలకు మిగిలేవి రెండు తక్కువ. చాలామంది లెక్క తప్పేది దీని తర్వాతి మెట్టు దగ్గర. ప్రతి విభాగంలోనూ రౌటర్‌కు ఒక అడ్రసు ఉండాలి, అదే ఆ విభాగపు గేట్‌వే. హాజరు యంత్రాలు, కాటాలు 14, /28లో వాడుకోదగినవీ 14, కాబట్టి సరిగ్గా సరిపోయాయని అనిపిస్తుంది. కానీ గేట్‌వేతో కలిపితే 15 అవుతాయి, ఒకటి పట్టదు. అందుకే దానికి /27 ఇవ్వక తప్పదు. అదే విధంగా కెమెరాలకు 72 కావాలి. 64 చాలవు కాబట్టి 128. ఆఫీసుకు 41 కావాలి కాబట్టి 64. అకౌంట్స్‌కు 22 కావాలి కాబట్టి 32.

పరిమాణం తెలిస్తే మాస్కు చివరి అంకె దానంతటదే వస్తుంది: 256లోంచి పరిమాణాన్ని తీసేయాలి. 64 అయితే 192, 32 అయితే 224. 64 అడ్రసులకు పరికరం వైపు 6 బిట్లు కావాలి, 32లోంచి ఆ 6 పోతే 26, కాబట్టి /26. ఇంతకు మించి బట్టీ పట్టాల్సింది లేదు.

ఇక ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది. 32 అడ్రసుల విభాగం 0, 32, 64, 96 ఇలా 32 గుణిజాల దగ్గరే మొదలుకావాలి. 128 అడ్రసులది 0 దగ్గర గానీ 128 దగ్గర గానీ మాత్రమే మొదలుకాగలదు. ఈ నియమం ఎవరో పెట్టినది కాదు, మాస్కు పనిచేసే తీరులోనే ఉంది. హాజరు యంత్రాలకు 0 నుంచి 31 వరకు ఇచ్చేసి, ఆ వెంటనే కెమెరాలకు 192.168.10.32/25 అని రాశారనుకోండి. రాసినవారి మనసులో అది 32 నుంచి 159 వరకు ఉంటుంది. రౌటర్ మాత్రం అడ్రసు, మాస్కుల చివరి అంకెలను బిట్టుకు బిట్టు కలిపి చూస్తుంది, రెండుచోట్లా 1 ఉన్నప్పుడే 1 ఉంచుతుంది:

```
 32 = 00100000
128 = 10000000
ఫలితం 00000000 = 0
```

అంటే రౌటర్ దృష్టిలో ఆ నెట్‌వర్కు 0 నుంచి 127 వరకు. హాజరు యంత్రాల 0–31 అందులోకే వచ్చేసింది. కొన్ని రౌటర్లు ఒకదానిపై ఒకటి పడుతోందని, `overlaps with` అనే మాటతో అక్కడికక్కడే నిరాకరిస్తాయి. అలా నిరాకరించడం మన మేలుకే.

ఈ చిక్కు రాకుండా పెద్ద విభాగం నుంచి చిన్నదానికి వరుసగా పేర్చుకుంటూ పోవాలి. చిన్నవాటితో మొదలుపెట్టినా జాగ్రత్తగా లెక్కవేస్తే కుదరవచ్చు, కానీ మధ్యలో ఖాళీలు మిగిలే ప్రమాదం ఉంటుంది. పెద్దవి ముందు పెడితే ప్రతి విభాగమూ ముందుదాని చివర నుంచే సరైన గుణిజం దగ్గర మొదలవుతుంది.

```
కెమెరాలు    192.168.10.0/25    255.255.255.128   0–127
ఆఫీసు      192.168.10.128/26  255.255.255.192   128–191
అకౌంట్స్    192.168.10.192/27  255.255.255.224   192–223
హాజరు      192.168.10.224/27  255.255.255.224   224–255
```

మొత్తం 256 అడ్రసులూ అయిపోయాయి, ఐదో విభాగానికి చోటు లేదు. అతిథులకు వేరే వైఫై కావాలని యజమాని రేపు అడిగితే ప్రధాన కార్యాలయం నుంచి ఇంకో బ్లాకు తెచ్చుకోవాలి. ఈ మాట పని మొదలుపెట్టే రోజునే ఆయనకు చెప్పడం మంచిది.

విడదీసిన మర్నాడు సాధారణంగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది: “నెట్టు వస్తోంది గదండీ, మరి అకౌంట్స్ సర్వర్ ఎందుకు రావట్లేదు?” ఈ ఫిర్యాదు తరచుగా అడ్రసును చేత్తో టైపు చేసి పెట్టిన కంప్యూటర్ నుంచే వస్తుంది. ఆఫీసులోని 192.168.10.150కి గేట్‌వే 192.168.10.129 అని మార్చి, మాస్కును మాత్రం పాత 255.255.255.0గానే వదిలేశారనుకుందాం. ఆ కంప్యూటర్‌కు 192.168.10.1 నుంచి 254 వరకు అందరూ తన విభాగంలోనే ఉన్నట్టు కనిపిస్తారు. అందుకని అకౌంట్స్ సర్వర్ 192.168.10.200కు వెళ్లాల్సిన సమాచారాన్ని గేట్‌వేకు ఇవ్వకుండా, “200 ఎవరు?” అని తన విభాగంలోనే కేక వేస్తుంది. విభాగాల స్విచ్‌లు వేరువేరైతే ఆ కేక అకౌంట్స్‌కు చేరదు. ఇంటర్నెట్ అడ్రసులు ఆ మాస్కు పరిధికి బయట ఉంటాయి కాబట్టి వాటిని మాత్రం గేట్‌వేకే పంపుతుంది. నెట్టు వస్తున్నది అందుకే. విండోస్‌లో `ping 192.168.10.200` అని కొడితే ఇలా వస్తుంది:

```
Reply from 192.168.10.150: Destination host unreachable.
```

జవాబిచ్చినది ఎవరో గమనించండి. 150, అంటే ఆ కంప్యూటరే. సమాచారం గడప దాటలేదన్నమాట. అదే సర్వర్ వైపు నుంచి 150ని పింగ్ చేస్తే సమాచారం వెళుతుంది కానీ తిరుగు జవాబు దారి తప్పి `Request timed out` అని వస్తుంది. రెండు చివరలా ఇలా రెండు రకాల సమాధానాలు కనిపిస్తే కేబుల్ మార్చే ముందు `ipconfig` కొట్టి `Subnet Mask` వరుసను చదవాలి.

ఒక హెచ్చరిక: కొన్ని రౌటర్లు తమకు తెలిసిన అడ్రసు కోసం వేసిన కేకకు తామే బదులిచ్చి దారి చూపుతాయి. దీన్ని ప్రాక్సీ ఏఆర్‌పీ అంటారు. అది నడుస్తున్నచోట తప్పు మాస్కుతోనూ పని జరిగిపోతుంది, రౌటర్ మార్చిన రోజున లోపం బయటపడుతుంది. కాబట్టి పని జరుగుతోందని వదిలేయకుండా చేత్తో పెట్టిన ప్రతి అడ్రసు పక్కనా మాస్కును సరిచూడాలి.

ఇవన్నీ చేసినా స్విచ్ మాత్రం ఒకటే అయితే, నాలుగు విభాగాల తీగలూ ఇంకా ఒకేచోట కలిసే ఉన్నట్టు లెక్క. అక్కడ వాటిని విడదీసేది వీలాన్, అది వచ్చే పాఠంలో. ఈలోగా ఒక లెక్క చేసి ఉంచండి: బొబ్బిలిలోని ఒక కళాశాలకు 172.16.4.0/24 ఇచ్చారు. ల్యాబులో 60 కంప్యూటర్లు, గ్రంథాలయంలో 30, కార్యాలయంలో 12 ఉన్నాయి. గేట్‌వేలను మరచిపోకుండా మాస్కులు తేల్చి, చివర ఎన్ని అడ్రసులు మిగిలాయో రాయండి. గ్రంథాలయం దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్లీ లెక్కపెట్టుకోండి.