చలువ కళ్లద్దాలు పెట్టగానే అద్దం మీది స్పీడు మాయమైతే

చెన్నైలో మా మావయ్య రోజూ పొద్దున వలసరవాక్కం నుంచి గిండీ మీదుగా తరమణి ఆఫీసుకు కారులో వెళ్తారు. కొత్త కారు కొన్న మూడో వారం ఫోన్ చేశారు. "ఒరేయ్, అద్దం మీద స్పీడు, దారి బాణం కనపడేవి కదా, పొద్దున పూట అసలు రావడం లేదు. సాయంత్రం బాగానే ఉంటుంది. సర్వీసు వాళ్లు యూనిట్ మార్చాలేమో అంటున్నారు" అన్నారు. ఆయన చెప్పేది హెడ్-అప్ డిస్‌ప్లే గురించి, అంటే స్పీడునూ దారి బాణాన్నీ కారు ముందు అద్దం మీద చూపే ఏర్పాటు. కార్ల డిస్‌ప్లేలు నా ఉద్యోగంలో భాగం. ఆయన చెప్పిన దాంట్లో నాకు మొదట తట్టింది పొద్దున, సాయంత్రం అన్న తేడానే. యూనిట్ చెడిపోతే అది వేళ చూసుకుని పనిచేయదు.

"పొద్దున కళ్లద్దాలు ఏవి పెట్టుకుంటారు మావయ్యా?" అని అడిగాను. ఎండ ఎదురుగా కొడుతుందని కొత్తగా పవర్‌తో చేయించుకున్న పోలరైజ్డ్ చలువద్దాలట. అసలు సంగతి అక్కడే ఉంది.

బొమ్మ ఎలా వస్తుంది

డ్యాష్‌బోర్డు లోపల చిన్న ఎల్‌సీడీ తెర ఉంటుంది. దాని వెనక బలమైన ఎల్‌ఈడీ వెలుగు ఉంటుంది. ఆ బొమ్మ లోపలి అద్దాల మీద పడి, చివరికి ఒక పుటాకార దర్పణం నుంచి పైకి వచ్చి, ముందు అద్దానికి తగిలి మన కళ్ల వైపు తిరుగుతుంది. ఆ దర్పణం వంపు వల్ల బొమ్మ అద్దం మీద అతికించినట్టు కాకుండా, బానెట్ చివర, రెండు మీటర్లకు పైగా దూరంలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే రోడ్డు చూస్తున్న కన్ను మళ్లీ దగ్గరకు సర్దుకోకుండానే స్పీడు చదవగలుగుతుంది.

ఇప్పుడు చిక్కు చూడండి. గాజు మీద బాగా ఏటవాలుగా పడి తిరిగొచ్చే వెలుగులో చాలా భాగం అడ్డంగా కంపించేదే అయి ఉంటుంది. మామూలు గాజుకు సుమారు 56 డిగ్రీల కోణంలో అయితే తిరిగొచ్చేదంతా అడ్డ కంపనమే. కారు ముందు అద్దం మీద ఈ బొమ్మ పడే కోణం దానికి దగ్గరలోనే ఉంటుంది. తడి రోడ్డు, ఎదుటి కారు పైకప్పు, నీళ్ల మీది మెరుపు కూడా ఎక్కువగా ఇలాంటి వెలుగే. పోలరైజ్డ్ కళ్లద్దాలను తయారుచేసేదే ఆ మెరుపును ఆపడానికి. అవి రోడ్డు మెరుపుతో పాటు మన స్పీడు అంకెను కూడా ఆపేస్తున్నాయి.

కళ్లద్దాలదే తప్పని ఎలా తేలుతుంది

బండి ఆపి ఉంచి, కళ్లద్దాలు పెట్టుకునే తలను భుజం వైపు వంచండి. అంకె మెల్లగా తేలితే కారణం కళ్లద్దాలే. సుమారు 30 డిగ్రీలు వంచితే వెలుగులో నాలుగో వంతు వస్తుంది, 45కి సగం వస్తుంది. మావయ్య ఫోన్లోనే తల వంచి చూసి "వచ్చింది, వచ్చిందిరా!" అన్నారు. తల వంచినా, కళ్లద్దాలు తీసినా రాకపోతే అప్పుడు కారు వైపు చూడాలి.

కొనే ముందు తెలుసుకోవాలంటే కొట్లోనే ఎల్‌సీడీ తెర ముందు కళ్లద్దాలను పట్టుకుని గుండ్రంగా తిప్పండి. ఏదో ఒక కోణంలో తెర నల్లబడితే అవి పోలరైజ్డ్.

దీనికి మందు పోలరైజ్డ్ కాని చలువద్దాలే. మామూలు రంగు అద్దం రోడ్డునూ అంకెనూ ఒకే మోతాదులో తగ్గిస్తుంది కాబట్టి అంకె చదవడానికి వస్తుంది. కేటగిరీ 3 అద్దాలు 8 నుంచి 18 శాతం వెలుగును వదులుతాయి, పగటి డ్రైవింగ్‌కు అవి చాలు. కేటగిరీ 4 బండి నడపడానికి పనికిరాదు. పవర్ ఉన్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు, అదే పవర్‌తో మామూలు రంగు అద్దం చేసిస్తారు. బొమ్మ దూరంలో తేలుతుంది కాబట్టి దూరం చూపు పవర్‌తోనే అది కనిపిస్తుంది. కొన్ని కార్లలో పోలరైజ్డ్ అద్దాలకు కూడా కనిపించేలా వేరే పూత ఉన్న ముందు అద్దం వాడుతున్నారు. మీ కారులో అది లేకపోతే సెట్టింగ్‌తో తెచ్చుకోలేరు.

బ్రైట్‌నెస్ పెంచితే సరిపోదా?

మావయ్య మొదట చేసింది అదే. చివరిదాకా పెంచేశారు. అడ్డుగా నిలబడ్డ పోలరైజ్డ్ అద్దం వెలుగును దాదాపు పూర్తిగా ఆపుతుంది కాబట్టి, ఎంత పెంచినా లాభం లేదు. పైగా ఆ రాత్రి కత్తిపారా ఫ్లైఓవర్ దిగుతుంటే అంకె కళ్లలోకి కొట్టి టెన్షన్ పెట్టిందట. చాలా కార్లలో వెలుగును సెన్సార్ చూసి బొమ్మ తనంతట తానే ఎక్కువా తక్కువా అవుతుంది. మనం జరిపే బ్రైట్‌నెస్ గీత దానికి చేర్చే సవరింపు మాత్రమే. అందుకే చీకటి పడ్డాక, వీధి దీపాలు తక్కువ ఉన్న చోట ఆగి, కంటికి నొప్పి లేనంత వరకు తగ్గించి అక్కడ వదిలేయండి. పగలు సంగతి సెన్సార్ చూసుకుంటుంది. అలా చూసుకోకపోతే ఆ సెన్సార్ మీద పార్కింగ్ పాసో, వినాయకుడి బొమ్మో, మ్యాటో కప్పి ఉందేమో చూడండి. అత్తయ్య మురుగన్ బొమ్మను సరిగ్గా అక్కడే పెట్టింది. దాన్ని పక్కకు జరిపాక పగటి వెలుగు కూడా కుదురుకుంది.

అంకె సగం తెగితే

బొమ్మ దాక్కుందేమోనని మావయ్య ఎత్తు బటన్ కూడా చివరిదాకా నొక్కారు. దాంతో సాయంత్రం కళ్లద్దాలు లేకపోయినా అంకె పై భాగం తెగింది. ఎత్తు మారిస్తే లోపలి పుటాకార దర్పణాన్ని ఒక చిన్న మోటారు తిప్పుతుంది. బొమ్మ మొత్తంగా కనిపించే చోటు గాలిలో ఒక చిన్న పెట్టె అంతే ఉంటుంది. కన్ను ఆ పెట్టె దాటితే అంచు తెగుతుంది.

సరిచేయాలంటే చదును నేల మీద బండి ఆపి, మొదట సీటును, స్టీరింగును రోజూ నడిపేలా సర్దుకోండి. ఈ వరుస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. తరువాత ఒక దిక్కుకు మెల్లగా నొక్కుతూ అంచు తెగే చోటు గుర్తుపెట్టుకోండి, అటు తరువాత రెండో దిక్కుకూ అలాగే చేయండి. రెంటికీ మధ్యలో ఆపండి. అంకె బానెట్ చివరకు కాస్త పైన ఉండాలి, ముందు పోయే బండి మీద కూర్చోకూడదు. అత్తయ్య మావయ్య కంటే పొట్టి. ఆమె నడిపితే ఆమె సీటుకు మళ్లీ సర్దాలి. డ్రైవర్ ప్రొఫైల్ ఉంటే ఎవరి ఎత్తు వారి పేరుతో దాచుకోవచ్చు.

ఎవరికీ కనిపించకపోతే

మధ్యాహ్నం ఎండలో గంటలు నిలబెట్టిన బండిలో బొమ్మ మసకగా వచ్చినా, అసలు రాకపోయినా వేడి కారణం కావచ్చు. నెత్తిమీది ఎండ, బొమ్మ పైకి వచ్చే డ్యాష్‌బోర్డు మీది కిటికీలోంచి దూరితే పుటాకార దర్పణం దాన్ని లోపలి తెర మీదకు చేరుస్తుంది. తెర పాడవకుండా యూనిట్ వెలుగు తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది. ఏసీ వేసి కాసేపు చల్లబడితే తిరిగొస్తుంది. పార్కింగ్‌లో ముందు అద్దానికి అడ్డం పెడితే ఈ బెడద తగ్గుతుంది. ఆ కిటికీ మీద దుమ్ము పట్టినా మసకే. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, నొక్కకుండా తుడవండి.

స్పీడు కనిపించి బాణం మాత్రం రాకపోతే ఇది వెలుగు సమస్య కాదు. ఏమేం చూపాలో ఎంచుకునే మెనూలో దారి చూపడం ఆన్ చేసి ఉందో లేదో చూడండి. కొన్ని కార్లలో కారు సొంత మ్యాప్ బాణమే వస్తుంది, ఫోన్ మ్యాప్ బాణం రాదు.

అంకె రెండుగా, నీడతో కనిపిస్తే ముందు అద్దాన్ని ఎప్పుడైనా మార్చారేమో గుర్తు తెచ్చుకోండి. అద్దానికి లోపలి ముఖం, బయటి ముఖం రెండూ వెలుగును తిప్పుతాయి. హెడ్-అప్ డిస్‌ప్లే కోసం చేసిన అద్దంలో మధ్య పొర ఒక వైపు కొంచెం మందంగా ఉండి ఆ రెండు బొమ్మలను ఒకదాని మీద ఒకటి కూర్చోబెడుతుంది. మామూలు అద్దం వేస్తే పొరలో ఆ మందం తేడా ఉండదు, ఏ సెట్టింగూ దాన్ని సరిచేయదు. లారీ రాయి తగిలి అద్దం మార్చాల్సి వస్తే, హెడ్-అప్ డిస్‌ప్లే ఉన్న మోడల్ అద్దమే కావాలని బీమా అంచనా వేసే రోజునే రాయించండి.